క్రియ లేని సబ్జెక్ట్ లైన్

కిందటి వారం మా ఆఫీసులో కొత్తగా చేరిన ఒకావిడ ఒక మెయిల్ డ్రాఫ్ట్ చూపించి సందేహం అడిగారు. మర్నాడు ఉదయం జరగాల్సిన సమీక్షా సమావేశం గురువారానికి మారింది. ఆ సంగతి ఇరవై మందికి తెలియజేయాలి. ఆవిడ సబ్జెక్ట్ లైన్‌లో ఇలా రాశారు: "సమీక్ష వాయిదా - గురువారానికి". అంతే. అంతకుముందు పనిచేసిన చోట ఒక పెద్దాయన, సబ్జెక్ట్ అంటే పూర్తి వాక్యం ఉండాలి, ముక్కలుగా రాస్తే మర్యాద కాదు అని చెప్పారట. అందుకే పక్కనే ఇంకొకటి కూడా రాసి పెట్టుకున్నారు: "రేపు ఉదయం పది గంటలకు జరగాల్సిన సమీక్షా సమావేశం గురువారం మధ్యాహ్నానికి వాయిదా పడింది". రెండింట్లో ఏది పంపమంటారు అని ప్రశ్న.

నేను ఇలా జవాబిచ్చాను: "మొదటిదే పంపండి. సబ్జెక్ట్ లైన్ చిన్న పదబంధంగా ఉండటంలో తప్పేమీ లేదు, క్రియ లేకపోయినా ఫర్వాలేదు. టైము, కారణం, క్షమాపణ మెయిల్ లోపల రాయండి. మర్యాద అక్కడ చూపిద్దాం. ఎందుకు సరిపోతుందో తీరిగ్గా చెబుతాను."

ఈ వ్యాసం ఆ తీరిక కోసమే. ఆవిడ అడిగింది చిన్న ప్రశ్నే అయినా, దానికి జవాబు మూడు చోట్ల ఉంది. ఈమెయిల్ నిబంధనల్లో కొంత, ఫోను తెర మీద కొంత, తెలుగు వాక్యం కట్టుబడిలో కొంత. మూడూ ఒకే తీర్పు చెబుతాయి.

నిబంధన ఏమంటోంది

ఈమెయిల్ ఎవరో ఒక కంపెనీ సొంత వస్తువు కాదు. ఏ సర్వరు నుంచి ఏ సర్వరుకు వెళ్లినా ఉత్తరం ఒకే తీరులో ఉండాలని ఇంటర్నెట్ ఇంజినీర్లు కొన్ని పత్రాలు రాసుకున్నారు. వాటిని ఆర్‌ఎఫ్‌సిలు అంటారు. 1971లో రే టామ్లిన్‌సన్ ఒక కంప్యూటర్ నుంచి మరో కంప్యూటర్‌కు మొదటి ఉత్తరం పంపిన తరవాత, రెండేళ్లకే ఉత్తరం తలకట్టు ఎలా ఉండాలో ఒక ఒప్పందం అవసరమైంది. 1973 సెప్టెంబరులో వచ్చిన ఆర్‌ఎఫ్‌సి 561 ఆ ఒప్పందం. దాన్ని రాసిన నలుగురిలో టామ్లిన్‌సన్‌తో పాటు ఐఐటి కాన్పూరు తొలి విద్యార్థుల్లో ఒకరైన అభయ్ భూషణ్ కూడా ఉన్నారు. ఎవరు పంపారు, ఏ తేదీన పంపారు, దేని గురించి పంపారు అనే మూడు గీతలు ఉత్తరానికి పైన ఉండాలని అందులో ప్రతిపాదించారు. మూడోదే ఇవాళ మనం చూస్తున్న `Subject:`.

ఆ పత్రంలో నమూనాగా ఒక ఉత్తరం కూడా ఇచ్చారు. అది కూడా ఒక సమావేశం కబురే. దాని సబ్జెక్ట్ లైన్‌లో సమావేశం పేరు, ఆ వెనక ప్రకటన అనే మాట ఉన్నాయి. క్రియ లేదు, చివర చుక్క లేదు. అంటే మా ఆఫీసు ఆవిడ రాసినది, సబ్జెక్ట్ లైన్ పుట్టిన రోజున దానికి ఉన్న రూపమే.

ఇప్పుడు అమల్లో ఉన్న నిబంధన 2008లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సి 5322. ఉత్తరం దేని గురించో గుర్తుపట్టడానికి వీలిచ్చే చిన్న అక్షరాల వరుస అని అది సబ్జెక్ట్‌ను వర్ణిస్తుంది. వాక్యం అనే మాట అందులో లేదు. తేదీ ఎలా రాయాలో, చిరునామాలో ఏ గుర్తు ఎక్కడ రావాలో ఇదే పత్రం చాలా కచ్చితంగా నిర్దేశిస్తుంది. సబ్జెక్ట్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం దాన్ని నిర్మాణం లేని గీతగా వదిలేసింది. లోపల ఏ వ్యాకరణం ఉండాలో మెయిల్ ప్రోగ్రాములు పట్టించుకోవు. ఆ మాటకొస్తే సబ్జెక్ట్ తప్పనిసరి కూడా కాదు. తేదీ, పంపినవారి చిరునామా మాత్రమే తప్పనిసరి. కాబట్టి పూర్తి వాక్యం ఉండాలన్నది నిబంధన కాదు, ఎవరి అలవాటో.

జవాబు మెయిల్‌కు ముందు తగిలే `Re:` కూడా ఇదే సంగతి చెబుతుంది. దాన్ని ఇంగ్లిషులో "రిప్లై"కి పొడి అక్షరాలని చాలామంది అనుకుంటారు. అది లాటిన్ మాట. "ఫలానా విషయంలో" అని దాని అర్థం, ఆర్‌ఎఫ్‌సి 5322 ఆ అర్థాన్నే ఇస్తుంది. "ఫలానా విషయంలో" అన్న మాట పక్కన నామపదం కుదురుగా కూర్చుంటుంది, పూర్తి వాక్యం కూర్చోదు.

మన కాగితం మీద "విషయం"

ఈ అలవాటు మనకు మెయిల్‌తో వచ్చింది కాదు. తెలుగులో ప్రభుత్వ ఉత్తరం చూసినవాళ్లకు పైన రెండు గీతలు గుర్తుంటాయి: "విషయం", దాని కింద "సూచిక". విషయం పక్కన వాక్యం ఉండదు. శాఖ పేరు, ఒక గీత, అంశం, మరో గీత, జరిగిన పని, చివర "గురించి". పెద్దది నుంచి చిన్నదానికి దిగుతూ వెళ్తుంది. ఉపాధ్యాయుల సెలవు ఉత్తరమైతే "పాఠశాల విద్య - ఉపాధ్యాయులు - ఆర్జిత సెలవు - మంజూరు - గురించి" అన్నట్టు ఉంటుంది. గుమస్తా ఆ గీత చూసి ఏ బీరువాలో ఏ ఫైలులో పెట్టాలో తేల్చుకుంటాడు. వరుసలోని ఒక్కో మాట ఒక్కో అరకు దారి.

ఆ "గురించి", లాటిన్ `Re:` చేసేది ఒకటే పని. రెండూ వాక్యాన్ని పూర్తి చేయడానికి రావు, ఇది ఫలానా సంగతికి చెందిన కాగితం అని చెప్పడానికే వస్తాయి. దశాబ్దాలుగా కలెక్టరాఫీసులు, బడులు, బ్యాంకులు క్రియ లేకుండానే విషయం రాస్తుంటే, దాన్ని ఎవరూ అమర్యాద అనుకోలేదు.

పైగా తెలుగు ఆఫీసు మాటల్లో చాలా వాటికి క్రియ అవసరమే లేదు. వాయిదా, రద్దు, మంజూరు, జారీ, దాఖలు, జమ: ఇవన్నీ ఉర్దూ, పారసీకాల దారిన మన రెవిన్యూ కచేరీల్లోకి వచ్చి స్థిరపడ్డాయి. వాటి వెనక మనం "చేయు", "అవు", "పడు" తగిలిస్తాం. వాయిదా పడింది, రద్దయింది, మంజూరు చేశారు. పని ఏమిటో ముందు మాటలోనే ఉంది. వెనక క్రియ కాలం, ఎవరు చేశారన్నది చెబుతుంది. సబ్జెక్ట్ లైన్‌లో ఆ రెండూ అక్కర్లేదు. ఎవరు పంపారో పక్క గీతలో ఉంది, ఎప్పుడో తేదీలో ఉంది. అందుకే "వాయిదా" ఒంటరిగా నిలబడుతుంది. అచ్చ తెలుగులోనూ పెంపు, తగ్గింపు, చెల్లింపు, మార్పు ఇలా పనికొస్తాయి. పేపరు శీర్షికలు రోజూ వీటి మీదే నడుస్తాయి.

అసలు తెలుగులో క్రియ లేని వాక్యమే ఉంది. "మా ఊరు తెనాలి", "ఆవిడ టీచరు" అంటే అవి ముక్కలు కావు, నిండు వాక్యాలు. అలాంటి భాషలో రాసేవాళ్లు క్రియ లేనందుకు సంకోచించనక్కర్లేదు.

తెర ఎక్కడ తెగుతుంది

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. పదబంధం తప్పు కాదని చెప్పడంతో ఆగితే సగమే చెప్పినట్టు. తెలుగులో అది పూర్తి వాక్యం కన్నా మేలైనది. ఎందుకో ఫోను తెర చూపిస్తుంది.

ఇన్‌బాక్స్ జాబితాలో సబ్జెక్ట్‌కు దక్కేది ఒక్క వరుస. ఆ వరుసలో పట్టనిది కోసేసి మూడు చుక్కలు పెడతారు. ఎక్కడ కోస్తారన్నది ఫోను వెడల్పు, అక్షరాల సైజు, యాప్ మీద ఆధారపడుతుంది. పెద్దవాళ్లు అక్షరాలు పెద్దవి చేసి పెట్టుకుంటారు కాబట్టి వాళ్ల ఫోనులో ఇంకా ముందే తెగుతుంది. తెలుగు అక్షరాలు ఇంగ్లిషు అక్షరాల కన్నా వెడల్పు. కాబట్టి అదే వరుసలో తక్కువ పడతాయి.

ఇంగ్లిషు వాక్యంలో క్రియ కర్త పక్కనే వస్తుంది. వెనక సగం తెగినా "సమావేశం వాయిదా పడింది" వరకు చేరిపోతుంది, ఎప్పటికన్నదే పోతుంది. తెలుగు వాక్యం అలా కాదు. క్రియ చివర వస్తుంది. అంతకన్నా ముఖ్యం, అవునా కాదా అన్నది కూడా చివరే తేలుతుంది. "వస్తాను", "రాను". "జరుగుతుంది", "జరగదు". "ఇస్తున్నాం", "ఇవ్వడం లేదు". వాక్యం మొత్తం ఒకటే, కొస మారితే అర్థం తలకిందులు. కొస తెగిందంటే అవునో కాదో పోయినట్టే.

మా ఆఫీసు ఆవిడ రాసిన రెండో డ్రాఫ్ట్ తీసుకుందాం. మధ్యరకం ఫోనులో అది ఇలా కనిపించవచ్చు: "రేపు ఉదయం పది గంటలకు జర…". చదివినవాళ్లకు ఏం అర్థమవుతుంది? రేపు పది గంటలకు ఏదో జరుగుతుందని. మెయిల్ తెరవకుండా ఆ ఒక్క వరుస చూసి జేబులో పెట్టుకున్నవాళ్లు రేపు పదింటికల్లా సమావేశం గదిలో ఉంటారు. చెప్పదలచుకున్నదానికి సరిగ్గా వ్యతిరేకమైనది చేరింది. వాక్యంలో తప్పు లేదు, వ్యాకరణం శుద్ధంగా ఉంది. వార్త కొసలో ఉంది, కొస తెగింది.

"సమీక్ష వాయిదా - గురువారానికి" అన్నదాన్ని ఎక్కడ కోసినా చూడండి. "సమీక్ష వాయిదా…" మిగిలితే వార్త చేరినట్టే. ఏ రోజుకో తెలుసుకోవడానికి తెరుస్తారు. మరీ ఇరుకైన తెర మీద "సమీక్ష వా…" మిగిలినా తప్పు కబురు మాత్రం వెళ్లదు. పదబంధం చేసిన పని ఇదే. వాక్యంలో చివర ఉండే వార్తను తెచ్చి ముందు పెట్టింది.

ఇదే కారణంతో ప్రభుత్వ ఉత్తరం వరుసను యథాతథంగా మెయిల్‌లోకి తేవద్దంటాను. కాగితం మీద ఎక్కడా తెగదు కాబట్టి శాఖ పేరుతో మొదలై "మంజూరు"తో ముగిసినా నష్టం లేదు. ఫోనులో "పాఠశాల విద్య - ఉపాధ్యాయులు…" దగ్గరే ఆగిపోతుంది. మంజూరైందో తిరస్కరించారో తెలియదు. మాటలు అవే ఉంచి వరుస తిప్పితే చాలు: "ఆర్జిత సెలవు మంజూరు - ఉపాధ్యాయులు".

మీ ఫోనులో ఎంత పడుతుందో తెలుసుకోవడానికి సులువైన పరీక్ష ఉంది. సబ్జెక్ట్‌లో "ఆదివారం సోమవారం మంగళవారం బుధవారం గురువారం శుక్రవారం శనివారం" అని రాసి మీకే పంపుకోండి. ఒక్కో రోజుకు నాలుగక్షరాలు, మంగళవారానికి ఒక్కదానికే ఐదు. ఏ రోజు దగ్గర తెగిందో చూస్తే మీ వరుసలో ఎన్ని అక్షరాలు పడతాయో లెక్క దొరుకుతుంది. ఇంట్లో పెద్దవాళ్ల ఫోనులోనూ చూడండి. తక్కువ పడిన లెక్కనే పట్టుకోండి.

తీగ మీద తెలుగు

చిన్న పదబంధానికి ఇంకో లాభం ఉంది. ఇది కంటికి కనిపించదు, కానీ కంప్యూటర్ నుంచి ఆటోమేటిగ్గా మెయిళ్లు పంపేవాళ్లకు తెలియాల్సినది.

మెయిల్ తలకట్టును రూపొందించిన రోజుల్లో 128 గుర్తులే ఉండేవి: ఇంగ్లిషు అక్షరాలు, అంకెలు, కొన్ని చిహ్నాలు. ఈ పునాది ఇప్పటికీ అలాగే ఉంది. అందులోంచి తెలుగును పంపాలంటే మారువేషం వేయాలి. ఆ పద్ధతిని 1996లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సి 2047 స్థిరపరిచింది. ఎలాగో "వాయిదా" అన్న మాటతో చూద్దాం.

మనకు కనిపించేవి మూడక్షరాలు: వా, యి, దా. యూనికోడ్‌లో ఇవి ఆరు గుర్తులు. వ, దానికి దీర్ఘం, య, దానికి గుడి, ద, దానికి దీర్ఘం. ఒక్కో తెలుగు గుర్తుకు మూడు బైట్లు పడతాయి. అంటే 18 బైట్లు. ఇంగ్లిషు అక్షరానికైతే ఒక్కటే. ఆ 18 బైట్లను మూడేసి చొప్పున తీసుకుని, ఒక్కో మూడింటికి బదులు నాలుగు మామూలు అక్షరాలు రాస్తారు. ముందూ వెనకా ఇది మారువేషం అని చెప్పే గుర్తులు పెడతారు. చివరికి తీగ మీద వెళ్లేది ఇది:

```
Subject: =?UTF-8?B?4LC14LC+4LCv4LC/4LCm4LC+?=
```

మధ్య భాగాన్ని నాలుగేసి అక్షరాలుగా విడదీసి చూడండి. `4LC1` అంటే వ. `4LC+` అంటే దీర్ఘం. `4LCv` య, `4LC/` గుడి, `4LCm` ద. ఆ తర్వాత మళ్లీ `4LC+`, అదే దీర్ఘం. "వాయిదా"లో దీర్ఘం రెండుసార్లు వస్తుంది కాబట్టి ఇక్కడా రెండుసార్లు వచ్చింది. ప్రతి ముక్కా `4LC`తో మొదలవుతోంది. అది తెలుగు అక్షరాల ఇంటిపేరు లాంటిది. గుడి దీర్ఘం, పొల్లు వంటి కొన్ని గుర్తులు `4LG`తో మొదలవుతాయి. ఎప్పుడైనా సబ్జెక్ట్‌లో తెలుగు బదులు `=?UTF-8?B?4LC` అంటూ పెద్ద గజిబిజి కనిపిస్తే, వైరస్ అని భయపడకండి. మారువేషం విప్పాల్సిన ప్రోగ్రామ్ ఆ పని చేయలేదు, అంతే. లోపల తెలుగు క్షేమంగా ఉంది.

ఈ మారువేషపు ముక్కకు ఒక హద్దు ఉంది. ఒక్కో ముక్క 75 అక్షరాలు దాటకూడదు, ఆ ముక్క ఉన్న గీత 76 దాటకూడదు. ముందూ వెనకా గుర్తులకు 12 పోను, ఒక ముక్కలో 15 తెలుగు గుర్తులు పడతాయి. మొదటి గీతలో `Subject:` కూడా చోటు తీసుకుంటుంది కాబట్టి అక్కడ 13 మాత్రమే. అంతకు మించితే ఇంకో ముక్క, ఇంకో గీత.

మన రెండు డ్రాఫ్టులను ఈ కొలతతో కొలుద్దాం. "సమీక్ష వాయిదా" వరకైతే 12 గుర్తులు, మధ్య ఒక ఖాళీ, మొత్తం 37 బైట్లు. ఒకే ముక్కలో, ఒకే గీతలో ఇమిడిపోతుంది. "గురువారానికి" కలిపితే 76 బైట్లు, రెండు ముక్కలు. పొడుగు వాక్యంలో 73 తెలుగు గుర్తులు, పది ఖాళీలు, మొత్తం 229 బైట్లు. దానికి కనీసం ఆరు ముక్కలు కావాలి.

ఆరు ముక్కలైతే మెయిల్ ఆగిపోతుందా? ఆగదు. అందుకునే ప్రోగ్రామ్ ముక్కలన్నీ అతికించి చూపిస్తుంది. చిక్కు ఎక్కడ వస్తుందంటే, ముక్క చేసేటప్పుడు ఒక గుర్తు తాలూకు మూడు బైట్లను విడదీయకూడదని నిబంధన. పేరున్న మెయిల్ యాప్‌లు దాన్ని పాటిస్తాయి. జీతాల స్లిప్పులు, ఫీజు రసీదులు పంపడానికి ఎవరో తొందరలో రాసుకున్న ప్రోగ్రాములు కొన్ని పాటించవు. అవి బైట్లు లెక్కపెట్టి ఎక్కడ పడితే అక్కడ కోస్తాయి. ఒక బైటు ఈ ముక్కలో, రెండు బైట్లు ఆ ముక్కలో పడితే ఏ ముక్కా అక్షరం కాదు. అప్పుడు పదం మధ్యలో � అన్న గుర్తు కనిపిస్తుంది. సబ్జెక్ట్ మొదట్లో అంతా బాగుండి, కొంత దూరం వెళ్లాక ఒకచోట ఈ గుర్తు వచ్చి, మళ్లీ అంతా బాగుంటే, కోత తప్పిందని పోల్చుకోవచ్చు. ఒకే ముక్కలో ఇమిడే పదబంధానికి ఈ బెడద ఉండదు. కోత లేనిచోట కోత తప్పే అవకాశమూ లేదు.

తెలుగును మారువేషం లేకుండా నేరుగా తలకట్టులో పెట్టే పద్ధతి 2012లో వచ్చింది. కానీ దారిలో ఉన్న సర్వర్లన్నీ దానికి ఒప్పుకోవాలి. అందుకే మారువేషం ఇంకా నడుస్తోంది.

పదబంధం ఎప్పుడు చాలదు

చిన్నదైతే చాలు అనుకోవడం కూడా పొరపాటే. "సెలవు" అని ఒక్క మాట రాస్తే అడుగుతున్నారా, ఇచ్చారా, రేపు ఆఫీసుకు సెలవని చెబుతున్నారా తెలియదు. "రిపోర్ట్" అంటే పంపుతున్నారా, పంపమంటున్నారా? "అర్జెంట్" అంటే తొందర తెలిసింది, సంగతి తెలియలేదు. ఇవి పొట్టివి కావడం తప్పు కాదు, వాటిలో ఒక ముక్క లోపించింది.

నిలబడే పదబంధంలో రెండుంటాయి: ఏ వస్తువు, దానికి ఏమైంది. "సమీక్ష" వస్తువు, "వాయిదా" ఏమైందో. "సెలవు మంజూరు", "సెలవు అభ్యర్థన", "సెలవు తిరస్కరణ": మూడూ రెండేసి మాటలే, మూడూ వేరు వేరు కబుర్లు. ఇక్కడ ఒక్క జాగ్రత్త. క్రియ తీసేశాక పని అయిపోయిందో, ఇంకా కావాలో తేలని మాటలు కొన్ని ఉంటాయి. "ఆర్డర్ రద్దు" అన్నది నిర్ణయం కావచ్చు, ఆలోచన కావచ్చు. ఆలోచనే అయితే "ఆర్డర్ రద్దు - మీ అభిప్రాయం కోసం" అనండి. అడుగుతున్నదైతే "కోసం", "కోరుతూ" వంటి మాట ఒకటి చేర్చండి. అది లేకపోతే అయిపోయినట్టే చదువుకుంటారు.

పదబంధంలో పెట్టకూడనిది కూడా ఒకటుంది. మెయిల్ లోపలి భాగాన్ని తాళం వేసి పంపే పద్ధతులు ఉన్నాయి. వాటిలో చాలాకాలంగా వాడుకలో ఉన్నవి మామూలుగా లోపలి ఉత్తరాన్నే దాచుతాయి, సబ్జెక్ట్ బయటే ఉంటుంది. తాళం లేని మెయిల్‌లోనైనా సబ్జెక్ట్ ఫోను లాక్ తెర మీద కనిపిస్తుంది, పక్కనున్నవాళ్లు చదవొచ్చు. అందుకని జబ్బు పేరు, జీతం అంకె, ఒకరి మీద ఫిర్యాదు సబ్జెక్ట్‌లో రాయకండి. "వైద్య సెలవు - 2 రోజులు" చాలు. ఏ జబ్బో లోపల రాయండి.

పంపాక మార్చవద్దు

ఒకసారి పంపిన పదబంధం ఆ సంభాషణకు పేరవుతుంది. మెయిల్ ప్రోగ్రాములు జవాబులను ఒకచోట చేర్చడానికి ప్రధానంగా తలకట్టులో కనిపించని గుర్తింపు సంఖ్యలను వాడతాయి. ప్రతి మెయిల్‌కూ ఒక `Message-ID` ఉంటుంది, జవాబు తన తలకట్టులో దాన్ని `In-Reply-To` అన్న గీతలో మోస్తుంది. అయినా సబ్జెక్ట్‌కూ ఇందులో పాత్ర ఉంది. జీమెయిల్‌లో జవాబిచ్చేటప్పుడు సబ్జెక్ట్ మారిస్తే, అది పాత గొలుసు నుంచి విడిపోయి కొత్త సంభాషణగా మొదలవుతుంది. `Re:` తగిలితే మాత్రం విడిపోదు, ప్రోగ్రాములు దాన్ని పక్కన పెట్టి మిగతాదాన్ని పోలుస్తాయి.

దీనర్థం ఏమిటంటే, మా ఆఫీసు ఆవిడ పంపిన మెయిల్‌కు ఎవరైనా "సరే, గురువారం వస్తాను" అని జవాబిస్తూ సబ్జెక్ట్‌ను పూర్తి వాక్యంగా సరిదిద్దితే, ఆ జవాబు వేరే చోట పడుతుంది. ఎదుటివాళ్ల సబ్జెక్ట్‌లో వ్యాకరణం దిద్దాలనిపించినా దిద్దకండి. సంగతే మారిపోయినప్పుడు, ఉదాహరణకు అదే గొలుసులో కొత్తగా భోజనాల ఏర్పాట్ల గురించి మొదలుపెడుతున్నప్పుడు మాత్రం మార్చండి. అప్పుడు విడిపోవడమే మేలు.

పెద్దాయన చెప్పిన మర్యాద మాట నేను కొట్టిపారేయను. మెయిల్ తెరవగానే "నమస్కారం", జరిగిన అసౌకర్యానికి ఒక మాట, కొత్త టైము, గది నంబరు పూర్తి వాక్యాల్లో ఉండాలి. ఆ మర్యాదకు చోటు లోపల ఉంది. సబ్జెక్ట్ లైన్ తలుపు మీద పేరుపలక. ఎవరిల్లో తెలిస్తే చాలు.

సబ్జెక్ట్ రాశాక ఒక్కసారి చివరి సగాన్ని చేత్తో మూసి చదవండి. మిగిలిన సగం నిజమే చెబుతుంటే పంపేయండి. అబద్ధం చెబుతుంటే, కొసన ఉన్న మాటను ముందుకు తెచ్చి మళ్లీ రాయండి.